మోహన్‌కృష్ణ మోడల్ లెటర్

ఆత్మకూరు బస్టాండు వెనక వెంగయ్య కంప్యూటర్ సెంటర్‌లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. వెంగయ్య దగ్గర మోడల్ లెటర్ ఒకటి ఉండేది. అందులో పాత పేరు తీసి కొత్త పేరు పెట్టడం, చదువు మార్చడం, పంపడం, అంతే పని. ఊరందరికీ కలిపి ఈమెయిల్ ఐడీ కూడా ఒకటే, అది వెంగయ్యదే. జవాబు ఎవరికొచ్చినా ఆయన ప్రింటు తీసి గోడకున్న మేకుకు గుచ్చేవాడు. తొంభైతొమ్మిదిలో ఆ చుట్టుపక్కల అంతకుమించిన ఏర్పాటు లేదు మరి.

ఆ ఫిబ్రవరిలో ఏంజెలిన్ ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చింది. వాళ్ళ నాయన జోసెఫ్ కొయ్య గరిటెలు చెక్కుతాడు. ఆ పిల్ల మాత్రం బీకాం చదివి, నెల్లూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర మూడేళ్ళు ఆర్టికల్స్ పూర్తిచేసి, సీఏ ఇంటర్ గట్టెక్కింది. అక్కడితో దారి మూసుకుపోయినట్టయింది. ఎక్కడ అడిగినా ‘చూస్తాం’ అన్నారే గాని రమ్మన్నవాళ్ళు లేరు. ఈ నెలాఖరుకు ఉద్యోగం రాకపోతే మిషన్ హాస్టల్‌లో వార్డెన్‌గా చేరాలని ఇంట్లో తేల్చేశారు. వార్డెన్ పని తక్కువదని కాదు. అందులో చేరితే సీఏ ఫైనల్ సంగతి మర్చిపోవాల్సిందే, ఆ మాట తలుచుకుంటే ఏంజెలిన్‌కు ఏడుపొచ్చేది.

నెల్లూరులో వేరుశెనగ నూనె కంపెనీ ఒకటి పేపర్లో ప్రకటన ఇచ్చింది. అకౌంటెంటు కావాలి, దరఖాస్తులు ఈమెయిల్‌లోనే పంపాలి అని.

“కూర్చోమ్మా. చిటికెలో అయిపోద్ది,” అని వెంగయ్య మోడల్ తెరిచాడు. కింద సంతకం చోట మోహన్‌కృష్ణ అని ఉంది.

“ఈయన ఎవరన్నా?”

“మన ఊరి పిల్లోడే. వాడూ ఆడిటర్ దగ్గరే పనిచేసినాడు. ఇంగ్లీషు మంచిగా రాసేవోడు. ఈ లెటర్ వాడు రాసుకున్నదే. పంపకముందే పోయినాడు పాపం. పోయిన మార్చిలో గోడౌన్‌లో బస్తాలు మీద పడినాయి.”

“చచ్చిపోయిన మనిషి లెటర్ అందరికీ ఇస్తా ఉండావా?”

“వాడికి ఇంక అవసరం లేదు గదమ్మా. ఉండేవాళ్ళకు పనికొస్తా ఉండాది.”

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అయినా ఏంజెలిన్‌కు ఒళ్ళు జలదరించింది. కర్సర్ వెనక్కి నడుస్తుంటే ఒక్కో అక్షరం చొప్పున మోహన్‌కృష్ణ పేరు చెరిగిపోయింది. ఆ ఖాళీలో తన పేరు కొట్టింది. బీకాం, సీఏ ఇంటర్, ఆర్టికల్స్ ఎక్కడ చేసిందీ రాసింది. సాఫ్ట్‌వేర్ దగ్గర ట్యాలీ, ఎక్సెల్, లోటస్ అని మార్చింది. ఆడిట్ అనుభవం కింద కంపెనీల స్టాట్యుటరీ ఆడిట్లు, వ్యాపారుల టాక్స్ ఆడిట్లు, బ్యాంకు బ్రాంచి ఆడిట్ తాను చేసినవే. ఆ చివర ఇంకో వాక్యం మిగిలింది: ‘గోడౌన్లలో సరుకు నిల్వలను స్వయంగా తనిఖీ చేసిన అనుభవం ఉంది.’

“ఇది నేను చేయలా. తీసేస్తాను.”

“ఉండనీమ్మా. ఎవురు చూడొచ్చినారు?”

“అడిగితే ఏం చెప్పేది? ఆడిట్‌లో మొదట నేర్పేదే అది, చూడందాన్ని చూసినానని రాయగూడదని.”

వాక్యం తీసేసింది. మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదివింది. వెంగయ్య నెల్లూరు లైను కలిపాడు, మోడెమ్ కాసేపు గీపెట్టింది, మెయిల్ వెళ్ళిపోయింది.

ఆ వారం తిరక్కుండానే ఇంటర్వ్యూకి రమ్మని జవాబు వచ్చింది. జోసెఫ్ పట్టలేని సంతోషంతో చర్చిలో కానుక వేసి వచ్చాడు.

నెల్లూరులో కంపెనీ ఫైనాన్స్ మేనేజర్ నారాయణయ్య గారు. నుదుట నామం, ముక్కు మీద కళ్ళజోడు, మాట తక్కువ మనిషి. ట్యాలీలో స్టాక్ ఐటమ్ ఎలా తెరుస్తారో అడిగారు, బ్యాంకు రీకన్సిలియేషన్ చేయించారు, క్లోజింగ్ స్టాకు విలువ కట్టే పద్ధతి చెప్పమన్నారు. ఏంజెలిన్ తడుముకోకుండా చెప్పింది. అప్పుడాయన ఎదురుగా ఉన్న ప్రింటు మీద వేలు పెట్టారు.

“వచ్చిన అప్లికేషన్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండాయమ్మా. నిన్ను మాత్రం పిలిపించింది ఈ ఒక్క మాట చూసి. ఇది నీకెట్లా తెలుసు?”

ఏంజెలిన్ కాగితం అందుకుంది. బ్యాంకు బ్రాంచి ఆడిట్ తర్వాత, తాను చెరిపిన చోటే, ఒక వాక్యం ఉంది. చెరిపిన వాక్యం కాదది. ‘బస్తాల నెట్టు పైకి ఎక్కే ముందు ఒక పక్క వరుస దింపించి లోపల చూడవలెను.’

ఆ వాక్యం మళ్ళీ చదివింది. అవునంటే ఉద్యోగం, కాదంటే హాస్టల్. ఆయనకు కావలసింది ఆ అనుభవమేనని కళ్ళలోనే తెలుస్తోంది.

“సార్, ఇది నేను రాయలేదు,” అంది. “గోడౌన్ తనిఖీ నేనెప్పుడూ చేయలేదు. అక్కడుండే వాక్యం తీసేసి పంపినాను. ఇది ఎట్లా వచ్చిందో నాకు తెలియదు.”

నారాయణయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అదివరకే శుభ్రంగా ఉన్న అద్దాలను మళ్ళీ తుడిచారు.

“మోడల్ ఎవరిది?”

“మోహన్‌కృష్ణ అని, ఆత్మకూరు ఆయనది.”

ఆయన కళ్ళజోడు బల్ల మీద పెట్టారు. కిటికీ వైపు చూస్తూ, “పోయిన ఏడు స్టాకు లెక్కకు ఆడిటర్ గారు పంపిన పిల్లోడు అతనే. మా ఆత్మకూరు గోడౌన్‌లోనే పోయినాడు. బస్తా జారి పడిందన్నారు, అందరం నమ్మినాం,” అన్నారు. తర్వాత ఆమె వైపు తిరిగి, “ఒకటో తేదీన చేరు. లేనిది ఉందని చెప్పలేదు, నాకది చాలు,” అన్నారు.

ఉద్యోగం వచ్చిన సంతోషం ఇంటికి వెళ్ళే బస్సులో సగం దారికే ఆవిరైపోయింది. వాక్యం తానే పరధ్యానంలో కొట్టిందేమోనని సర్దిచెప్పుకోవాలని చూసింది. గోడౌన్‌లో బస్తాలు పేర్చిన నెట్టు ఎలా ఉంటుందో కూడా చూడని మనిషి ఆ మాట ఎలా కొడుతుంది? ఆ రోజు నుంచి ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే చాలు, తెర మీద వెనక్కి నడిచే కర్సర్ కనిపించేది.

మార్చి ముప్పై ఒకటిన సంవత్సరాంతపు స్టాకు లెక్కకు నారాయణయ్య గారు ఆమెను ఆత్మకూరు గోడౌన్‌కే పంపారు. వద్దనాలనిపించింది, కానీ చేరిన నెలలోనే పని వద్దని చెప్పడం ఎలా?

గోడౌన్ కీపరు చెంచయ్య మర్యాదకు తక్కువ చేయలేదు. కుర్చీ వేయించాడు, సోడా తెప్పించాడు. లోపల వేరుశెనక్కాయల బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. పట్టపగలే అయినా రేకుల సందుల్లోంచి పడే వెలుతురు తప్ప ఏమీ లేదు. ఎండిన కాయల వాసన గొంతుకు అడ్డం పడుతోంది.

“పొడుగు, వెడల్పు, ఎత్తు ఎంచి గుణించుకో మేడం. అందరూ అట్లే చేస్తారు. పైకెక్కేది ఏమీ ఉండదు,” అన్నాడు చెంచయ్య.

అలా గుణించి సంతకం పెట్టి వెళ్ళే ఆడిటర్లు ఉన్నారు. బయట కనబడే బస్తాలే లోపల కూడా ఉన్నాయన్న నమ్మకం మీద నడిచే లెక్క అది. ఏంజెలిన్‌కు మనసొప్పలేదు. “పైన ఎట్లుండాదో చూస్తాను, నిచ్చెన వేయించండి,” అంది.

చెంచయ్య ముఖం మాడిపోయింది. అయినా నిచ్చెన వేయించాడు.

నాలుగు మెట్లు ఎక్కింది. ఆ చప్పుడు అప్పుడే వినిపించింది. టక్, టక్, టక్, తీరుబడిగా, వెనక్కి చెరిపే మీట నొక్కినట్టు. బస్తాల లోపలి నుంచి వస్తోంది. ఎలుకలనుకోవాలని ఎంతో ప్రయత్నించింది. ఎలుకలు అంత వరసగా, ఒక పేరు పొడవు దాకా కొట్టి ఆగవు.

ఏంజెలిన్ ఎక్కడం ఆపింది. నిచ్చెన గట్టిగా పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

“ఒక పక్క వరుస దింపించండి. లోపల చూడాల.”

“ఏందమ్మా నువ్వు! దించి మళ్ళా పేర్చేదానికి కూలి ఎవురిస్తారు?” చెంచయ్య గొంతు లేచింది.

“కంపెనీ ఇస్తాది. దింపనని మీరు రాసిస్తే నేను పోతాను.”

హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోడౌన్ ఊడ్చే మస్తానమ్మ చీపురు పట్టుకుని మూల నిలబడి ఉంది. “దించండ్రా,” అంది ఉన్నట్టుండి. “ఆ పిల్లోడు ఎక్కింది ఈడనే. ఈమెన్నా దిగి అడిగింది.”

పై నుంచి ఒక పక్క వరుస దించారు. దాని వెనక ఉండాల్సిన బస్తాలు లేవు. చీకటి ఉంది. నాలుగు పక్కలా గోడల్లా బస్తాలు, మధ్యలో బావంత బొంద, దాని మీద పాత చెక్కలు పరిచి, చెక్కల మీద ఒక వరుస బస్తాలు. మధ్య సరుకు ఏనాడో దొంగచాటుగా అమ్ముడైపోయింది. ఒక మనిషి కాలు పెడితే చెక్కలు విరిగి, చుట్టూ ఉన్న గోడలు మీద కూలతాయి. పోయిన ఏడు కూలాయి. తర్వాత మళ్ళీ అలాగే పేర్చారు.

మస్తానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చెంచయ్య కుర్చీలో కూలబడి, “బస్తా జారింది, బస్తా జారింది” అంటూనే ఉన్నాడు. ఏంజెలిన్ ఆఫీసు ఫోనులో నారాయణయ్య గారికి చెప్పింది. ఆయన పోలీసులతో వస్తున్నానన్నారు.

ఆ పనంతా తెమిలాక ఆమె తిన్నగా వెంగయ్య సెంటర్‌కు వెళ్ళింది.

“నేను పంపిన మెయిల్ చూపించన్నా.”

వెంగయ్య పంపిన మెయిళ్ళలో వెతికి తెరిచాడు. బ్యాంకు బ్రాంచి ఆడిట్, ఆ కిందనే సంతకం. మధ్యలో ఏమీ లేదు. ఇక్కడి నుంచి ఆ వాక్యం వెళ్ళనే లేదు. మోడల్ తెరవమంది. అందులో పైన కింద అంతా తన పేరే ఉంది.

“నీకు ఉద్యోగం వచ్చినాక నీదే మోడల్ చేసినాను. చెయ్యి మంచిదని,” అన్నాడు వెంగయ్య నవ్వుతూ.

ఏంజెలిన్ నవ్వలేదు. మోహన్‌కృష్ణ ఈ లెటర్ పంపకముందే పోయాడు. అతని పేరు చెరిపి అందరూ తమ పేర్లు రాసుకున్నారు, తాను కూడా. అయినా అతను చూసింది చూసినట్టు చెప్పాడు. ఆమెకు దుఃఖం ఆగలేదు. వెంగయ్య కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆడిట్ అనుభవం కింద ఆ వాక్యాన్ని కొట్టింది, బస్తాల నెట్టు పైకి ఎక్కే ముందు ఒక పక్క వరుస దింపించి లోపల చూడవలెను అని. తర్వాత కిందికి వచ్చి తన పేరును ఒక్కో అక్షరం వెనక్కి చెరిపింది.

“అది తీస్తే కింద ఎవురి పేరు పెట్టేది?” అన్నాడు వెంగయ్య.

“రాసిన వాళ్ళదన్నా,” అంది ఏంజెలిన్, మోహన్‌కృష్ణ అని కొడుతూ.