పిచ్చుక బల్ల మీది టేపు

అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల కాగితం మీద అక్షరాలన్నీ మసిబారి ఉన్నాయి. ఆఖరి 'మ' తలకట్టు దగ్గర కాగితం చిరిగి కన్నం పడింది.

ఒకటో తరగతి టీచరమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. నిన్న ఇదే పిల్ల ఇదే పెన్సిలుతో శుభ్రంగా రాసింది. ఇవాళేమైంది? అదీ ఇవాళేనా!

బడి వదిలేవేళకి పిచ్చుక నాయనమ్మ వస్తుంది. పిల్లది ఎడమచేతి వాటం. అది ఆవిడ కంట్లో నలుసు. పోయిన నెల తరగతి గది గుమ్మంలోనే నిలబడి తేల్చి చెప్పేసింది.

"మీ మాట కాదనలేక ఆగుతున్నానమ్మా. 'మ' దాకా వచ్చేసరికి ఎడమచేత్తో నీటుగా రాసి చూపించిందా, ఇక నోరెత్తను. లేదంటే మర్నాటి నుంచి కుడిచెయ్యే. ఎడమచేతికి గుడ్డ చుట్టేస్తా, అంతే!"

'మ' ఇవాళ వచ్చింది.

"చెయ్యి నొప్పెడుతోంది టీచర్," అంది పిచ్చుక. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నాకు గుడ్డ చుట్టేస్తారా?"

"ఎవరూ ఏమీ చుట్టరు. ఇంకో కాగితం తీసుకో. నేను పక్కనే ఉంటా."

పైకి అలా అందిగానీ, టీచరమ్మకి ముందు తన మీదే అనుమానం వచ్చింది. ఈ పిల్లలు ఇంగ్లీషు అక్షరాలు దిద్ది వచ్చినవాళ్ళు. తెలుగు లిపి వాళ్ళకి కొత్త. అందుకే ఆమె మొదట అక్షరాల జోలికే పోలేదు. ఇసుక పళ్ళెంలో వేలితో సున్నలు, గాలిలో ఇంద్రధనుస్సులు, నేల మీద సుద్దతో గుండ్రాలు. ఆ తరువాత కూడా వర్ణమాల వరస పట్టుకోలేదు. చెయ్యి తిరిగే తీరునిబట్టి చుట్టాలైన అక్షరాలని ఒకచోట చేర్చింది. ముందు 'వ'. అది కుదురుకున్నాక, దాని ఒంటికి కుడిపక్క కొమ్ము తిప్పితే 'మ'. ఏ అక్షరానికైనా ఒళ్ళు ముందు, తలకట్టు ఆఖరున. "స్నానం చేయకుండా ఎవరైనా తల దువ్వుకుంటారా?" అంటే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ వరస మరిచిపోయినవాడు ఇప్పటిదాకా లేడు.

మరి 'మ' తొందరపడి నేర్పేసిందా? పిచ్చుక రాస్తుంటే కళ్ళార్పకుండా చూసింది. ఒళ్ళు ముందే వచ్చింది. కొమ్ము తిరిగింది. తలకట్టు ఆఖరునే పడింది. వరస తప్పలేదు.

తప్పు వరసలో లేదు. అయితే కూర్చోవడంలోనా? టీచరమ్మ బల్ల కిందికి వంగింది. పాదాలు రెండూ చెక్కపీట మీద ఆని ఉన్నాయి. వీపు నిటారుగానే ఉంది. మోచెయ్యి బల్ల మీదే ఉంది. పొట్టి పెన్సిలు మూడు వేళ్ళ మధ్య ఒదిగింది. ఎడమచేతివాటం కాబట్టి బెంచీకి ఎడమ చివరన కూర్చోబెట్టింది, పక్కవాడి మోచేయి తగిలే ప్రశ్నే లేదు.

ఇంట్లో రహస్యంగా కుడిచెయ్యి అలవాటు చేస్తున్నారా?

"నాయనమ్మ నీచేత ఇంట్లో రాయిస్తోందా తల్లీ?"

"లేదు. పప్పు వండుతూ నన్ను తిడుతుంది, అంతే."

నవ్వు వచ్చింది గానీ నవ్వే తీరిక లేదు. అప్పుడే వెనక బెంచీలోంచి కేక వినిపించింది.

"టీచర్! నా కాగితమూ నల్లగా అయిపోయింది!"

బొండాంగాడు. తరగతిలో రెండో ఎడమచేతివాటం పిల్లాడు.

టీచరమ్మ రెండు అంగల్లో అక్కడికి చేరింది. వాడి మణికట్టు కొక్కెంలా వంగి ఉంది. అరచేతి అంచు అప్పుడే రాసిన అక్షరాల మీద జారుతోంది. పెన్సిలు ముందుకి సాగలేక కాగితంలోకి దిగబడుతోంది. అచ్చం పిచ్చుకకి అయినట్టే. కుడిచేతి పిల్లల్లో ఒక్కడికీ ఈ బాధ లేదు. అంటే ఇది చేతిలోని లోపం కాదు. ఎడమచేతివాళ్ళ బల్లల్లోనే ఏదో ఉంది.

బొండాంగాడి కాగితం పక్కకి జరిపి చూసింది.

ప్రతి బల్ల మీదా కాగితం మూల ఎక్కడ పెట్టాలో రంగు టేపుతో గుర్తు ఉంటుంది. అతికించింది ఆమే. కుడిచేతివాళ్ళకి కాగితం పైఅంచు ఎడమకి వాలేట్టు. ఈ ఇద్దరికీ మాత్రం కుడికి వాలేట్టు, కాస్త ఎడమగా జరిపి. అప్పుడే చెయ్యి గీత కిందనుంచి నడుస్తుంది, రాసినదాన్ని తుడవదు. టేపు మూలకి కాగితం మూల ఆనించాకే పెన్సిలు పట్టాలని పిల్లలకి నూరిపోసింది.

ఈ టేపు ఎడమకి వాలి ఉంది.

పరుగున వెళ్ళి పిచ్చుక బల్ల చూసింది. అదీ ఎడమకే. వేలితో తడిమింది. అంచులు నున్నగా, కత్తెరతో కోసినట్టున్నాయి. టీచరమ్మ టేపుని పళ్ళతో తెంపుతుంది. ఇది ఆమె పని కాదు.

పాపం, చెప్పిన మాట విన్నందుకే పిల్లలు ఇక్కట్లపాలయ్యారు!

"ఏమ్మా, అయిందా మీ ముచ్చట?"

గుమ్మంలో నాయనమ్మ. ఆవిడ చూపు సూటిగా చిరిగిన కాగితం మీదికే పోయింది.

"చూశారా! నే చెప్పలా?"

"ఒక్క నిమిషం కూర్చోండి పెద్దమ్మా. ఎవరో టేపు తిప్పేశారు."

"టేపు ఏంటి, చెయ్యి ఏంటి? వంకలు బానే దొరుకుతాయి."

టీచరమ్మ గోటితో టేపు పీకేసింది, తెల్ల కాగితం పైఅంచు కుడికి వాల్చి, ఎడమగా జరిపి పట్టుకుంది.

"పిచ్చుకా, భుజాలు వదులు. ఒళ్ళు ముందు..."

"...తల ఆఖర్న," అంది పిచ్చుక.

మొదటి 'మ' వణికింది. రెండోది నిలబడింది. మూడోదానికి మణికట్టు తిన్నగా సాగి, చెయ్యి గీత కిందికి దిగింది. నాయనమ్మ కళ్ళద్దాలు సవరించుకుని మరీ వంగింది. వరస పూర్తయ్యాక పిచ్చుక చెయ్యి ఎత్తింది. కాగితం తెల్లగానే ఉంది.

నాయనమ్మ పిల్లదాని అరచేతిని తిప్పి చూసింది. మసి లేదు.

"నొప్పిగా ఉందటే?"

"లేదు."

"ఇంకో వరస రాయి. నేను నమ్మద్దూ!"

రాసింది. రెండో వరస మొదటిదానికన్నా బాగుంది. నాయనమ్మ కుర్చీలోకి జారబడి ఊపిరి వదిలింది.

"సరే. ఆ గుడ్డని గిన్నెలు తుడుచుకోడానికి వాడుకుంటా."

పిచ్చుక ఎగిరి ఆవిడ మెడ పట్టుకుంది.

"మరి ఈ ఘనకార్యం చేసిందెవరో తేల్చరా?" అంది నాయనమ్మ. "చెవి మెలేస్తా."

ఆ మాట పూర్తికాకుండానే హెడ్మాస్టరు గారు లోపలికి వచ్చారు. గోడ మీది పటాలు అంగుళం ఒరిగినా ఊరుకోని మనిషి. పీకేసిన టేపు ముక్క చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"అయ్యో, ఊడదీశారా టీచరమ్మా? అంత కష్టపడి అతికించానే!"

టీచరమ్మ చిరిగిన కాగితం ఎత్తి చూపించింది. నాయనమ్మ చెంగు బిగించింది. హెడ్మాస్టరు ఆ ఇద్దరినీ, మసిబారిన కాగితాన్నీ, తెల్లగా ఉన్న కాగితాన్నీ మార్చిమార్చి చూశారు. అర్థమవుతున్నకొద్దీ గొంతు తగ్గింది.

"నేనేనమ్మా. నిన్న మీరు వెళ్ళాక గది చూసేందుకు వచ్చా. అన్ని బల్లలూ ఒకలా ఉంటే ఈ రెండే ఎదురు తిరిగి కనిపించాయి. హడావుడిలో పొరపాటుపడ్డారేమో, మీకు మాటెందుకు రావాలని, కొలిచి, కత్తెరతో కోసి మరీ సరిచేశా. అడిగితే చిన్నబుచ్చుకుంటారని అడగలేదు. పిల్లదాని చెయ్యి నేనే నొప్పెట్టించాను. నా చెవి మెలెయ్యండి పెద్దమ్మా, కాదనను. కానీ ముందు ఆ టేపు ఎటు వాలాలో నాకు కాస్త చూపించండి. అతికించేసి వచ్చి నిలబడతాను."