పిడికెడు ఎర్రబియ్యం

నౌపడ చర్చి స్త్రీల కూడికలో శుక్రవారం సాయంత్రాలు ఇసుక వేస్తే రాలని జనం. ఉప్పుమళ్లలో పనిచేసే ఆడవాళ్లూ, స్టేషను వీధి ఆడవాళ్లూ అందరూ అక్కడే. పాట ఎత్తుకుంటే మళ్లదాకా వినిపించేది. కూడిక నడిపే లీలారాణమ్మకు ఆ గొంతులంటే మహా గర్వం.

మొదట్లో పాటకు ముందు ఒక్కొక్కరూ తమ కష్టం చెప్పుకునేవారు. ఇప్పుడు వంతు సగంమందికైనా రాకుండానే పొద్దు గుంకుతోంది. మాటకారులు మాట్లాడతారు, వెనక కూర్చున్నవాళ్లు తలలూపి లేచిపోతారు.

"వాడలవారీగా విడదీయండమ్మా," అని పాస్టరు ఏసుదానంగారు రెండుసార్లు చెప్పారు.

లీలారాణమ్మకు భయం. విడదీస్తే తగువులాడి విడిపోయారంటారు. ఉప్పుమళ్ల వాళ్లను నడిపించే దిక్కెవరు? వాళ్లలో సత్యవతి ఉంది గాని, ఆ పిల్ల పదిమందిలో నోరు విప్పదు. ఈ ఉప్పు పంట అయ్యాక చూద్దామని ఆవిడ నాన్చుతూ వచ్చింది.

వంటకు ముందు తీసిన పిడికెడు బియ్యం తెచ్చి ప్రతి ఇల్లాలూ కూడిక కుండలో పోయాలి. వారాల తరబడి పోస్తున్న కుండ ఆ శుక్రవారానికి నిండింది. బియ్యం చాటలోకి వంచిన లీలారాణమ్మ చెయ్యి ఆగిపోయింది. అన్నీ తెల్లగింజలే. ఎర్రబియ్యం తెచ్చేది మరిడమ్మ ఒక్కతే. నిండుచూలాలు, మొగుడు ఖరగ్‌పూర్ కూలికి పోయాడు.

"మరిడమ్మ రాలేదేటి?"

"ఎనక కూకుందనుకున్నాను," అంది దాలమ్మ. అందరిదీ అదే మాట. ఎన్ని వారాలుగా రావడం లేదో ఎవరికీ తెలియదు.

లీలారాణమ్మ లేచింది. సత్యవతిని వెంటబెట్టుకుని ఉప్పుమళ్ల గట్టు మీద పరుగులాంటి నడక నడిచింది. చచ్చిపోయి ఉంటుందేమో అన్న ఆలోచనను తోసేస్తే మళ్లీ వస్తోంది. గుడిసె తలుపు తడితే పలుకు లేదు.

లోపల మరిడమ్మ బాలింత జ్వరంతో మూలుగుతోంది. పక్కన పసిగుడ్డు ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరుస్తోంది.

"మీ పాట ఇనిపించిందమ్మా," అంది మరిడమ్మ. "ఎవులైనా వస్తారని సూసాను. తెలిసే రాలేదనుకున్నాను."

లీలారాణమ్మ పసిగుడ్డును కొంగులో చుట్టి ఒళ్లోకి తీసుకుంది. తల్లీబిడ్డల్ని బండి కట్టించి టెక్కలి ఆసుపత్రికి చేర్చారు. నాలుగోనాటికి జ్వరం దిగింది.

మరుసటి శుక్రవారానికి కూడిక రెండయింది. ఉప్పుమళ్ల వాళ్లది సత్యవతి ఇంట్లో.

"నాను నడపలేనమ్మా. ఒక కూడికలో ఎంతమంది దాకా ఉండొచ్చు?" అంది సత్యవతి.

"ఒకసారి చూస్తే ఎవరు రాలేదో నీకు తెలియాలి. తెలియకపోతే ఆ రోజే మళ్లీ విడదియ్యి," అంది లీలారాణమ్మ కొత్త కుండ చేతికిస్తూ.

ఆ మొదటిరోజు ఆవిడా వెళ్లి మూల కూర్చుంది. సత్యవతి పాట ఎత్తుకోలేదు. ఒక్కొక్క మొహమే చూసింది.

"దాలమ్మ రాలేదు. సూసొస్తాను, పాట మొదలెట్టకండి."

వెళ్లింది. ఎవరూ పాట మొదలెట్టలేదు. అంత నిశ్శబ్దం ఏ కూడికలోనూ లీలారాణమ్మ ఎన్నడూ ఎరగదు. గట్టు మీద ఇద్దరు మనుషులు నడిచి వస్తూ కనిపించేదాకా ఆవిడ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.