ఫైనల్ ఆపిందెవరు?

ఆ గురువారం పొద్దున, గల్ఫ్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫర్వానియాలో, మహమ్మద్ గౌస్ కిరాణా కొట్టు వెనక గదిలో క్యారమ్స్ ఫైనల్ జరుగుతోంది. ఒక పక్క రాజంపేట నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ నాగేంద్రప్రసాద్. ఎదుట ఆసుపత్రి అంబులెన్స్ నడిపే రాయచోటి హుస్సేన్ వలి. పందేలు కట్టించుకునేది గౌస్. గదిలో చాలామంది డబ్బు వలి మీదే ఉంది.

మూడు గేముల్లో రెండు గెలవాలి. తెల్లవారుజాము నుంచి దూరంగా ఏవో ఢమఢమలు వినిపిస్తున్నా, మిలిటరీ వాళ్ల కసరత్తేమోలే అనుకున్నారు. మొదటి గేమ్ ప్రసాద్ గెలిచాడు. రెండోది సగంలో ఉండగా విమానాశ్రయం వైపు బాంబులు పడ్డాయి. కిటికీ అద్దాలు జలజలా రాలి కాయల మీద పడ్డాయి.

"ఆట ఆపండి! ఎవురూ స్ట్రైకర్ ముట్టగాకండి!" అని రిఫరీ నాగన్న కేక వేశాడు.

అందరూ లేచారు. వలి చెప్పులు వెతుక్కుంటూ, "ఆసుపత్రికి పోవాల ప్రసాదూ, మళ్లీ ఆడుకుందాం" అని పరుగెత్తాడు.

ఇరాక్ సైన్యం దేశంలోకి దిగిందని కాసేపటికి తెలిసింది. శనివారం నాటికి రోడ్ల మీద ట్యాంకులు, రొట్టెల కోసం బారులు. ఎట్లాగైనా దేశం దాటిపోదామన్న ఆత్రంతో వంటమనిషి లాల్ బాషా తన పందెం డబ్బు అడగడానికి వచ్చాడు. అతని వెనకే ఇంకో నలుగురు. ప్రసాద్, నాగన్న కూడా వచ్చారు.

గౌస్ లేచి ప్రసాద్ చేయి పట్టుకుని ఊపాడు. "ముబారక్! ఫైనల్ నీదే. వలి మీద కట్టినోళ్ల డబ్బు ఖలాస్."

"నేనెప్పుడు గెలిస్తిని?" అన్నాడు ప్రసాద్.

గోడకు అంటించిన పందేల రూళ్ల కాగితం మీద గౌస్ వేలు పెట్టాడు. "ఒక గేమ్ పూర్తయినాక ఆటగాడు తప్పుకుంటే ఎదుటివాడు గెలిచినట్టే. నిన్న బోర్డు పెట్టుకుని కూచున్నా, వలి రాలే. రూలు రూలే కదా భాయ్."

ప్రసాద్‌కు ఒళ్లు భగ్గుమంది. కాల్పుల మధ్య తూటాలు తగిలిన వాళ్లను మోసుకొస్తున్న మనిషిని ఆట వదిలి పారిపోయినవాడి కింద జమ కడతాడా? పైగా ఆ గెలుపు తన నెత్తిన పెట్టి, దాని చాటున జనం డబ్బు మింగుతాడా?

చేయి విదిలించుకున్నాడు. "రూలు సగం చదివి సగం మింగితే ఎట్లా? ముందు ఆట ఎట్లా ఆగిందో చూడాల, ఆ తర్వాతే ఏ రూలో చెప్పాల. తప్పుకోవడమంటే ఏందో ఆడనే రాసుంది కదా, ఆటగాడు తానుగా రిఫరీకి చెప్పాలని. నాగన్నా, వలి చెప్పినాడా నీకు?"

"యాడ చెప్పినాడు? ఆపమన్నది నేనే. అప్పుడు అందరమూ లేస్తిమి."

"విన్నావా గౌస్ భాయ్? రిఫరీ ఆపితే అది ఆగిపోయిన ఆట. కింద చదువు. రెండు రోజుల్లో మళ్లీ మొదలైతే పందెం నిలుస్తాది, లేకుంటే రద్దు. ఈ పొద్దుటితో ఆ గడువు అయిపోయింది. కట్టినోళ్లకు కట్టింది వాపస్. నువ్వొక్కడివే బోర్డు ముందర కూచుంటే ఆట మొదలైనట్టా?"

లాల్ బాషా ముందుకొచ్చాడు. "మొదటి గేమ్‌కు విడిగా కూడా వలి మీదే కట్టినా అన్నా. అదీ ఇప్పించు."

ప్రసాద్‌కు జాలేసింది. కానీ తల అడ్డంగా ఊపాడు. "అది రాదు బాషా. మొదటి గేమ్ తేలిపోయింది. ఆట తర్వాత ఆగినా తేలిన పందెం చెల్లుతాది."

అన్ని ఆటల్లో కలిపి అందరికంటే ఎక్కువ రెడ్ కాయలు ఎవరు వేస్తారన్న పందెం ఇంకోటుంది. దాని లెక్క సెమీఫైనల్స్‌తోనే ముగిసింది. అందులో వలి, ప్రసాద్ సమానం. బాషా వెనక వచ్చినవాళ్లలో ఒకడైన ముస్తాక్, వలి మీద ఒకటికి మూడు చొప్పున రెండు దీనార్లు కట్టాడు.

"సమానమైతే ఎవురూ గెలవనట్టే" అని గౌస్ గొణిగాడు.

"కాదు. ఇద్దరు సమానమైతే కట్టినదాంట్లో సగం పోతాది, సగం గెలుస్తాది. ఒక దీనార్ పోయింది. ఇంకో దీనార్‌కు మూడు, దాంతోపాటు ఆ దీనారూ. నాలుగియ్యి."

గౌస్ డబ్బా తీసి ఎవరిది వాళ్లకు విసురుగా లెక్కపెట్టి ఇచ్చాడు. "ఇంటికొచ్చిన గెలుపును కాలదన్నుకుంటివి కదరా!"

"అది గెలుపు కాదు. వలి మొగాన ఉమ్మేయడం" అన్నాడు ప్రసాద్.

సాయంత్రం ఆసుపత్రి దగ్గర వలి కనిపించాడు. గొట్టం పెట్టి స్ట్రెచర్ మీది నెత్తురు కడుగుతున్నాడు. ప్రసాద్ జరిగింది చెప్పాడు.

"ఆట వదిలి పారిపోయినానన్నాడా?" అన్నాడు వలి.

"అన్నాడు. పందెం రద్దని వాడి చేతనే డబ్బు వాపస్ ఇప్పించినా."

లోపలి నుంచి ఎవరో అంబులెన్స్ కోసం అరిచారు. వలి గొట్టం ప్రసాద్ చేతికిచ్చి వెళ్లిపోయాడు. ప్రసాద్ స్ట్రెచర్ కడుగుతూనే గౌస్‌ను తిట్టాడు, నీళ్లు తేటగా వచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు.