ఎల్వ్‌మార్క్ గురించి మూడు వాక్యాలు

ఎల్వ్‌మార్క్ పంపుల కంపెనీ త్రైమాసిక ఫలితాలు వచ్చే ఉదయం సిగ్‌వార్డ్ ముందుగానే ఆఫీసుకు చేరాడు. స్టాక్‌హోమ్‌లో బయట మంచు నీరుగా మారి తపతపా పడుతోంది. ఎవరో అప్పటికే కాఫీ పెట్టి ఉంచారు. ఎవరో తెలియదు గానీ, భార్య పోయినప్పటి నుంచి ఇలాంటి చిన్న సంగతులకు అతను లోలోపలే దణ్ణం పెట్టుకుంటూ ఉంటాడు.

ఆ వార్తాసంస్థలో అతని పని చూడ్డానికి తేలిక. ముప్పై పేజీల నివేదికను మూడు వాక్యాల్లో చెప్పాలి. ఆదాయం ఎంత, మార్జిన్, అంటే అమ్మకాల్లో లాభం శాతం, ఎంత, ఏడాదికి యాజమాన్యం ఇచ్చే అంచనా ఏమిటి. లిఫ్టులో పైకి వెళ్లేవాడు తన అంతస్తు వచ్చేలోపు చదివి ముగించాలి. ఒక్కో వాక్యానికి పదిహేను మాటలు మించకూడదు. షేర్ మార్కెట్ తెరిచేలోపు వార్త వెళ్లిపోవాలి.

ఎల్వ్‌మార్క్ తన వంతుకు వచ్చిందని తెలిసినప్పుడే డెస్కు పెద్ద ఆన్నేలితో చెప్పాడు. "నా అల్లుడు లింగ్‌హెడ్‌లో వాళ్ల ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడు. ఇంకెవరికైనా ఇస్తావా?"

"నీకు వాళ్ల షేర్లున్నాయా?"

"లేవు."

"అయితే రాయి. అల్లుళ్లున్న వాళ్లనందరినీ తీసేస్తే ఈ డెస్కు మీద నేనూ నా పిల్లీ మిగులుతాం."

ఏడున్నరకు నివేదిక వచ్చింది. అమ్మకాలు రెండువందల ముప్పై ఒక్క కోట్ల క్రోనార్లు, కిందటేటి కంటే నాలుగు శాతం తక్కువ. నిర్వహణ మార్జిన్ మాత్రం పన్నెండు శాతం దాటింది. నిపుణులు పదకొండైనా రాదనుకున్నారు. పక్క బల్ల మీద కుర్రకారు "ఓహో" అన్నారు. అంకెలు ఎక్కించే యంత్రం అప్పటికే "మార్జిన్ అంచనాలను మించింది" అని ప్రపంచానికి చాటేసింది.

సిగ్‌వార్డ్ ఓహో అనలేదు. అతని అలవాటు వేరు. అంకెలు చూశాక, కిందటి త్రైమాసికం నివేదిక తెరిచి రెండింటినీ పక్కపక్కన పెడతాడు. ముందుగా లాభం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుకుతాడు. అది పద్దెనిమిదో పేజీలో దొరికింది. పాత గిడ్డంగి స్థలం అమ్మితే ఆరుకోట్ల ఇరవై లక్షలు వచ్చాయి. ఆ సొమ్ము తీసేస్తే మార్జిన్ తొమ్మిదిన్నర దగ్గర ఆగుతుంది, కిందటేడు పది దాటిన చోట. పంపుల మీద సంపాదన తగ్గింది. స్థలం మీద సంపాదించి ఆ తగ్గుదలను కప్పారు.

తరువాత అంచనా. కిందటిసారి రాసింది ఇది: "ఏడాది మార్జిన్, ఒక్కసారి వచ్చే లాభాలు కాకుండా, కనీసం పది శాతం." ఈసారి రాసింది ఇది: "ఏడాది మార్జిన్ కనీసం పది శాతం అన్న మా అంచనాలో మార్పు లేదు."

అతను రెండూ మూడుసార్లు చదివాడు. మధ్యలోని ఆ షరతు మాయమైంది. షరతు లేకపోతే స్థలం సొమ్ము కూడా లెక్కలోకి వస్తుంది. అప్పుడు పది శాతం సులువు. అది ఉంటే కష్టం. కొత్త ఆర్డర్లు కూడా పదకొండు శాతం పడ్డాయి. ఇలా సర్దుకుంటున్న కంపెనీ ముందుముందు ఎక్కడ కోత పెడుతుందో అతను చాలాసార్లు చూశాడు. లింగ్‌హెడ్ వాళ్లకు అన్నిటికంటే పాత ఫ్యాక్టరీ.

అదే ఉదయం తొమ్మిదిన్నరకు కూతురు తూవా, అల్లుడు ఎస్కిల్ లింగ్‌హెడ్‌లో ఇల్లు కొనే కాగితాల మీద సంతకం పెట్టాలి. ఇంటి వేలంలో ఇచ్చిన మాట సంతకం అయ్యేవరకు ఎవరినీ కట్టిపడెయ్యదు. ఆ తరువాత కట్టిపడేస్తుంది.

మూడు వాక్యాలు రాశాడు. మూడోది ఇలా: "ఏడాది అంచనా పది శాతమే, కానీ ఒక్కసారి వచ్చే లాభాలను మినహాయించే షరతు ఈసారి కనిపించలేదు."

ఆన్నేలి కుర్చీ జరుపుకుని వచ్చి చదివింది. "రెండోది బంగారం. స్థలం సంగతి నువ్వు తప్ప ఎవరూ పట్టుకోరు. మూడోది కుదరదు."

"రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టి చూడు."

"చూశాను. షరతు లేదు, నిజమే. కావాలని తీశారో, గుమస్తా మరిచాడో నీకు తెలుసా?"

"తెలీదు."

"మరి? అంచనా మారిందని మనం సూచిస్తే షేరు పడుతుంది. రేపు వాళ్లు 'అచ్చుతప్పు' అంటే ఎవరి మొహం పోతుంది? పదింటికి వాళ్ల ఫోన్ సమావేశం ఉంది. అక్కడ అడుగు. చెప్పాక రాద్దాం." ఆమె గొంతు తగ్గించింది. "మామగారిలా చదవకు సిగ్‌వార్డ్. ఎప్పటిలా చదువు."

ఆమె మాటలో తప్పు లేదు. మూడో వాక్యం "ఏడాది అంచనాలో మార్పు లేదని కంపెనీ తెలిపింది" అయింది. అబద్ధం కాదు. ఆన్నేలి వెళ్తూ తన దాల్చినచెక్క బన్ను సగం తుంపి అతని బల్ల మీద పెట్టింది.

వార్త వెళ్లిపోయాక కారిడార్‌లోకి పోయి తూవాకు ఫోన్ చేశాడు. వెనకాల మనవరాలు చెంచాతో గిన్నె బాదుతోంది.

"నాన్నా, చదివాం! ఎస్కిల్ గట్టిగా చదివి వినిపించాడు. 'అంచనాలో మార్పు లేదు' అంట. మీ నాన్న రాస్తే నమ్మొచ్చు అన్నాడు."

"తల్లీ, సంతకం మధ్యాహ్నానికి పెట్టుకోకూడదా?"

"ఏం? ఏమైంది?"

"కిందటిసారి రాసిన ఒక షరతు ఈసారి లేదు. ఎందుకో ఇంకా తెలీదు. పదింటికి అడుగుతాను."

"షరతా? మా వెనక ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారు నాన్నా. ఏజెంటు నిన్ననే మొహం మాడ్చుకున్నాడు." ఆమె నవ్వింది. "ఫ్యాక్టరీ మూసేస్తారని రాశారా?"

"లేదు."

"మనుషుల్ని తీసేస్తారని?"

"లేదమ్మా. అలా ఎక్కడా లేదు."

"మరి నువ్వే కదా రాశావు, మార్పు లేదని."

అవునన్నాడు. తనకు తెలిసింది అంతవరకే. మిగిలింది భయం. భయాన్ని అడ్డం పెట్టి పిల్లల ఇల్లు పోగొట్టడం ఎలా?

పదింటికి ఫోన్ సమావేశం మొదలైంది. యాజమాన్యం పెద్దాయన గొంతు వెచ్చగా, తీరిగ్గా ఉంది. సిగ్‌వార్డ్ వంతు వచ్చాక అడిగాడు. "ఏడాది అంచనాలో ఒక్కసారి వచ్చే లాభాలు లెక్కలోకి వస్తాయా, రావా?"

"మేం భాషను తేలిక చేశామంతే. దాన్నుంచి ఏమీ ఊహించుకోవద్దు."

"తేలిక భాషలోనే అడుగుతున్నాను. వస్తాయా, రావా?"

ఆర్థిక వ్యవహారాలు చూసే ఆవిడ అందుకుంది. "వస్తాయి."

"లింగ్‌హెడ్ ఫ్యాక్టరీ?"

"ఉత్పత్తి ఎక్కడెక్కడ చెయ్యాలన్నది ఎప్పుడూ సమీక్షిస్తూనే ఉంటాం. ఇవాళ చెప్పడానికేమీ లేదు."

ఆన్నేలి అతని భుజం తట్టింది. "ఇప్పుడు రాయి. అందరికంటే ముందు మనమే." అతను రాశాడు: "ఒక్కసారి వచ్చే లాభాలూ కలిపితేనే పది శాతం; పాత లెక్కతో చూస్తే అంచనా తగ్గినట్టే." చక్కటి వాక్యం. షేరు దిగసాగింది. పక్క బల్ల వాళ్లు "భేష్ ముసలోడా" అన్నారు.

అప్పటికే తూవా ఫొటో పంపింది. బ్యాంకు బల్ల మీద కాగితాలు, ఎస్కిల్ చేతిలో కలం, మనవరాలి నోట్లో ఆ కలం మూత.

కాసేపటికి ఆమే ఫోన్ చేసింది. "నాన్నా, ఎస్కిల్ మళ్లీ చదివాడు, నీ కొత్త వాక్యం. ఫ్యాక్టరీలో అందరూ ఫోన్లలో అదే చూస్తున్నారట. దానర్థం ఏమిటి? మామూలు మాటల్లో చెప్పు."

మామూలు మాటల్లో చెప్పడమే అతను బతుకంతా చేసిన పని. కిటికీ అవతల మంచునీళ్లు గాజు మీద జారుతున్నాయి. సగం బన్ను ఇంకా బల్ల మీదే ఉంది.

"ఇల్లు ఎలా ఉంది తల్లీ?" అన్నాడు. "వంటగదిలోకి ఎండొస్తుందా?"

అవతల ఆమె ఆ వాక్యానికి అర్థం మళ్లీ అడగలేదు. మెల్లిగా అంది. "వస్తుంది నాన్నా. పొద్దున పూట వస్తుంది."