మెర్సీ బొటనవేలి కింద ఉత్తరం

మహబూబ్‌నగర్‌లో లెక్కలు చెప్పే నేను సముద్రం చూడలేదు. ఓడల కోర్సు పరీక్షకు చదువుతున్న మెర్సీ, ఓడ దారి పటం ఫొటో తీసి పంపింది. ఓడ ఎనిమిది కిలోమీటర్లు పోయి, కుడికి తిరిగి మరో ఏడు పోయింది. మలుపు దగ్గర రెండు గీతల మధ్య కోణం నూట ఇరవై డిగ్రీలు. కొసైన్ సూత్రంతో, బయల్దేరిన చోటి నుంచి దూరం పదమూడు వచ్చింది. ఫొటో పైభాగమే ఉత్తరమనుకుని కొలిస్తే మొదటి గీత బేరింగ్, అంటే ఉత్తరం నుంచి కుడికి తిరిగిన కోణం, 150. దానికి సైన్ సూత్రమిచ్చిన 28 కలిపి, బయల్దేరిన చోటి నుంచి ఓడ ఉన్న దిక్కు 178 అన్నాను.

"పుస్తకంల 088 ఉంది సార్."

"గా పుస్తకం రాసినోనికి ఉత్తరమేదో తెల్వదు!"

మెర్సీ మళ్లీ ఫొటో పంపింది. ఇందాక ఆమె బొటనవేలు ఉన్నచోట ఉత్తరం బాణం, కుడివైపు చూస్తూ!

"ఫోన్ అడ్డం పట్టిన సార్. దూరమన్న కరెక్టే కద?"

"కరెక్టే. పదమూడు కిలోమీటర్లు పోయి, వేరే ఊర్ల దిగింది!"