తాత్యాసాహెబ్ నాడి

మృణాల్ ఖాడిల్కర్ ఉద్యోగం పర్మనెంటు కావాలంటే ఒక పాఠం చెప్పాలి. బడి నడిపే సంస్థ కార్యదర్శి అప్పాసాహెబ్ సరంజామే వెనక బెంచీలో కూర్చుని వింటాడు. గంట కొట్టేలోపు పాఠం పూర్తయితే సంతకం పెడతాడు, కాకపోతే పెట్టడు. కిందటేడు లెక్కల మాస్టారికి భిన్నాల మధ్యలో గంట కొట్టేసింది. ఆయన ఇప్పుడు సాతారాలో చెప్పులు అమ్ముతున్నాడు.

ఏడో తరగతికి గది లేదు. హాల్లో కూర్చుంటారు. ఆ హాల్లోనే, బడి పెట్టిన తాత్యాసాహెబ్ సిమెంటు విగ్రహం, ఎత్తయిన అరుగు మీద కుర్చీలో, మోకాలి మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉంటుంది. ఆయన అప్పాసాహెబ్‌కి తాత. పిల్లలు పొద్దున్నే కాళ్లకు దండం పెడతారు. పరీక్షలప్పుడు మోకాలిక్కూడా.

మృణాల్ బోర్డు మీద గుండె బొమ్మ గీసింది.

"ఎడమ జఠరికను కుడివైపు గీశావేంటమ్మా?" అన్నాడు అప్పాసాహెబ్.

"గుండె మనకేసి తిరిగి ఉందండీ. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమచెయ్యి మనకు కుడివైపే కదా."

హెడ్మాస్టర్ దేవధర్ సాయం చేద్దామని లేచి పిల్లలకు ఎదురుగా నిలబడి ఎడమచెయ్యి ఎత్తాడు. దించమని ఎవరూ అనలేదు. ఆయన దించలేదు.

ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం కుడి కర్ణికలోకి, అక్కణ్ణించి కుడి జఠరికలోకి, అది బిగుసుకోగానే ఊపిరితిత్తులకు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎక్కించుకుని ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు, మహాధమనిలోకి. వెనక్కి రాకుండా దారిలో కవాటాలు. మృణాల్ సుద్దముక్కతో బాణాలు గీసి కింద ప్రశ్న రాసింది: ఎడమ జఠరిక గోడ ఎందుకు మందం?

"జవాబు తర్వాత. ముందు నాడి చూద్దాం. ఇద్దరిద్దరు జట్టు కట్టండి" అంది.

ఏ వేళ్లతో చూడాలో చెప్పేలోపే గోల మొదలైంది. శర్వరికి జట్టు దొరకలేదు. అరుగెక్కి విగ్రహం మణికట్టు పట్టుకుంది, బొటనవేలితో.

"బాయీ! తాత్యాసాహెబ్‌కి కొట్టుకుంటోంది!" అని టీచర్ని కేకేసింది.

అప్పాసాహెబ్ బెంచీలు దాటుకుంటూ పరుగున వచ్చి అరుగెక్కాడు. ఆయనా బొటనవేలే పెట్టాడు. గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాడు.

"నూట పన్నెండు."

"జ్వరమేమో సర్" అన్నాడు దేవధర్, చెయ్యి ఎత్తుకునే.

"డాక్టర్ని పిలవండి! వయసు మళ్లిన మనిషి!"

పిల్లలు ముందుకు తోసుకొచ్చారు. మృణాల్ గడియారం చూసింది. పది నిమిషాలుంది. డాక్టరొస్తే గంట కొట్టేస్తుంది. నిజం చెబితే కార్యదర్శికి కోపం వస్తుంది. ఎటైనా చెప్పుల కొట్టే.

"సర్, బొటనవేలికి దాని నాడి దానికుంటుంది. ఆ నూట పన్నెండూ మీవి. పరుగెత్తి వచ్చారు కదా. నడిమి మూడువేళ్లూ పెట్టి చూడండి."

అప్పాసాహెబ్ మూడువేళ్లూ పెట్టాడు. జరిపాడు. మళ్లీ పెట్టాడు. మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

"పోయారు" అన్నాడు.

"మళ్లీనా?" అన్నాడు దేవధర్.

అప్పాసాహెబ్ కళ్లు తుడుచుకున్నాడు. "నీ క్లాసులోనే పోయారమ్మా."

"సర్, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామా?" అంది మృణాల్. "కూర్చునే పాటిద్దాం. ఆయన కూర్చునే ఉన్నారు కదా."

అప్పాసాహెబ్ తలూపాడు. హాలు నిశ్శబ్దమైంది. మృణాల్ తన మణికట్టు మీద, బొటనవేలి మొదలు కింద, మూడువేళ్లు ఆనించి పిల్లలకు చూపించింది. అందరూ ఆనించారు. మొదటి నిమిషం ఊపిరి నిదానపడనిచ్చి, రెండో నిమిషం మొదట్లో లెక్కపెట్టమని వేలెత్తింది, చివర్లో దించింది. పెదవులు కదిలాయి గాని ఒక్కరూ నోరు విప్పలేదు.

మౌనం అయిపోగానే అంకెలు చెప్పారు. ఎనభై నాలుగు, డెబ్భై ఎనిమిది, తొంభై. బోర్డు మీద రాసింది.

"గోడ మందం ఎందుకో ఎవరు చెబుతారు?"

శర్వరి లేచింది. "కుడిది పక్కనున్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు బాయీ. ఎడమది కాలి బొటనవేలి దాకా తొయ్యాలి."

గంట కొట్టింది.

అప్పాసాహెబ్ తన మణికట్టు మీద మూడువేళ్లు ఇంకా తియ్యలేదు. "నాది ఎనభై ఆరు. రాసుకో" అన్నాడు. తర్వాత కాగితం అడిగి సంతకం పెట్టాడు.

దేవధర్ చెయ్యి దించుకుని భుజం రుద్దుకున్నాడు. "సర్, అరుగు మీద ఆయన పోయిన తేదీ చెక్కించి ఉంది కదా. మార్పించమంటారా?"

అప్పాసాహెబ్ అరుగు మీది తేదీని వేలితో తడిమాడు.

"రెండు తేదీలూ ఉంచండి."