చప్పట్లు కొట్టిన వార్త

మా ఆయన భూపేష్‌కు అమెరికాలో ఉద్యోగం ఉంది. నాకు ఆయన ఉన్నాడు. నా వీసాలో ఉన్నది అంతే. కర్నూలు ల్యాబులో నాలుగేళ్లు రక్తపరీక్షలు చేసినదాన్ని, మూడేళ్లుగా డాలస్‌లో ఉద్యోగానికి వేలు కదపకూడదు. బ్యాంకు ఖాతా ఆయనది, ఇంటి అగ్రిమెంటు ఆయనది. ఏదడిగినా "అదంతా నేను చూసుకుంటాలే" అంటాడు. ఇంతగా చూసుకునే మొగుడు దొరికాడని మైదుకూరులో మా అమ్మ మురిసిపోతుంది.

సెలవులకు కల్లూరులోని అత్తగారింటికి వచ్చాం. భోజనాల దగ్గర ఆయన ప్రకటించాడు.

"సియాటిల్‌లో కొత్త ఉద్యోగమొచ్చిండాది. సోమవారం ఒప్పుకుంటాండా."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాకూ అప్పుడే తెలిసింది మరి.

ఇప్పటి కంపెనీ ఆయన గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 దరఖాస్తు ఇంకా తేలలేదు. అది మంజూరైతేనే నేను పని అనుమతి అడగగలను. ఇప్పుడే మారితే కొత్త కంపెనీ అంతా మొదటి నుంచి మొదలుపెట్టాలి. అంటే నాకు ఇంకో రెండు మూడేళ్లు వంటిల్లే.

ఆ మాట ఎత్తబోయాను.

"నీకెందుకే ఆ టెన్షన్?" అన్నాడు, ప్రేమగా.

మరునాడు క్షవరానికి వెళ్లాడు. ఆయన ఇండియా సిమ్ ఎప్పుడో పోయింది, జేబులో ఉన్నవి డాలర్లు. మంగలి గోపన్న ఫోన్ నుంచి నాకు చేశాడు.

"సాహితీ, తొందరగా వచ్చి డబ్బులు కట్టు."

"అదంతా నేను చూసుకుంటాలే," అని పెట్టేశాను. తీరిగ్గా కాఫీ తాగి వెళ్లాను.

"రామ్మా," అన్నాడు గోపన్న. "మీ ఆయప్ప గంట నుంచి ఈడనే కూచుండాడు. అమెరికా అంట గదా, దుడ్లే లేవంట!"

నా పాత కర్నూలు ఖాతా ఉన్న ఫోన్‌తో స్కాన్ చేసి ఆయన్ను విడిపించాను.

దారిలో అన్నాడు: "శానా అవమానమే. అరవై రూపాయలకు నీకోసం కూచోవల్సి వచ్చె."

"పాపం, గంటసేపు! నాకు మూడేళ్లప్పా."

నడక ఆపాడు. మొదటిసారి నన్ను పూర్తిగా చెప్పనిచ్చాడు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. దరఖాస్తు త్వరగా తేల్చే ప్రీమియం పద్ధతికి ఇప్పటి కంపెనీని అడగమన్నాను, వారాల్లో తేలుతుంది. మంజూరయ్యాక ఆరు నెలల్లోపు మానేస్తే, కంపెనీ ఆ దరఖాస్తును వెనక్కి తీసుకుని రద్దు చేయించగలదు. అందుకే ఆ ఆరు నెలలు ఆగాలి.

"తర్వాత సియాటిల్‌కు వస్తావా?" అన్నాడు.

"వాన ఊరంట. అయినా వస్తా. ఈసారి అడిగినావు గదా."

నా షరతులు మూడు: వీసా లాయరు మెయిళ్లు ఇద్దరికీ రావాలి, ఖాతాలో నా పేరు చేరాలి, ఇద్దరం సరేనన్నాకే బయట సరేననాలి. మూడోదానికి ఆయన కొంచెం నసిగాడు. గోపన్నను గుర్తు చేశాను.

సోమవారం కొత్త కంపెనీ అంతవరకు ఆగలేమంది. ఆయన మొహం వాడింది. నాకూ బాధగానే ఉంది. ఆయనే భోజనాల దగ్గర చెప్పాడు.

"మేమిద్దరం మాట్లాడుకొని ఆ ఉద్యోగం వద్దనుకున్యాం."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను కూడా. నాకు ముందే తెలుసు కదా.